నూనె మార్చినా తగ్గని ట్రైగ్లిజరైడ్లు: వ్యాయామం చేసేవారి వంటింట్లో ఏం మార్చాలి, ఎంత మార్చాలి

మా బావగారికి నలభై నాలుగేళ్ళు. ఆరు నెలలుగా రోజూ తెల్లవారుజామున అయిదు కిలోమీటర్లు నడుస్తున్నారు. వారానికి మూడు రోజులు జిమ్‌కి కూడా వెళ్తున్నారు. ఇంట్లో వేరుశనగ నూనె మానేసి, గుండెకు మంచిదని రాసి ఉన్న పొద్దుతిరుగుడు నూనె తెచ్చుకుంటున్నారు. అయినా రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 285 వచ్చాయి. నివేదిక నా చేతిలో పెట్టి, "నూనె మార్చాను, నడుస్తున్నాను. ఇంకా ఎందుకమ్మా ఇలా?" అని అడిగారు.

ఆహార సలహాలు ఇవ్వడం నా వృత్తి. ఈ ప్రశ్న వారానికి రెండు మూడుసార్లయినా వింటాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ నింద నూనె సీసా మీదే పడుతుంది. తీరా లెక్క తీస్తే అసలు కారణాలు అన్నం పళ్ళెంలో, పాల గిన్నెలో, కొబ్బరి చిప్పలో దొరుకుతాయి. బావగారి ఇంట్లో పన్నెండు వారాల పాటు ఏం చేశామో వరుసగా చెబుతాను. మీ ఇంటికి వర్తింపజేసుకునేటప్పుడు అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి అడుగు: నివేదికను రెండు సమస్యలుగా విడదీసి చదవండి

బావగారి నివేదికలో మొత్తం కొలెస్ట్రాల్ 228, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 285, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 135 ఉన్నాయి. ఇవన్నీ డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. 200 దాటితే ఎక్కువ కిందే లెక్క. హెచ్‌డీఎల్ మగవారికి 40కి, ఆడవారికి 50కి తగ్గకూడదు. ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే మంచిది, 130 దాటితే పట్టించుకోవాలి.

ఈ అంకెలన్నిటినీ కలిపి 'కొలెస్ట్రాల్ ఉంది' అనేయడంతోనే పొరపాటు మొదలవుతుంది. ఎల్‌డీఎల్‌ను పెంచే ఆహారం వేరు, ట్రైగ్లిజరైడ్లను పెంచే ఆహారం వేరు. ఎల్‌డీఎల్‌ను ప్రధానంగా పెంచేది సంతృప్త కొవ్వు. నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి, పామాయిల్, వేట మాంసపు కొవ్వులో అది ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లను పెంచేవి అవసరానికి మించిన పిండిపదార్థం, చక్కెర, మద్యం, నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు. మనం తిన్న అన్నంలో కండరాలు వాడుకోగా, నిల్వకు పోగా మిగిలినదాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ఆ కొవ్వే ట్రైగ్లిజరైడ్లు. అందుకే ఒక్క చుక్క నూనె వేసుకోకుండా తిన్నా అవి పెరగగలవు. అవి ఎక్కువగా ఉన్నంత కాలం హెచ్‌డీఎల్ కూడా సాధారణంగా కిందికే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనే ఈ జోడీ మన దేశంలో చాలామందిలో కనిపిస్తుంది.

బావగారికి రెండు సమస్యలూ ఉన్నాయి, కానీ పెద్దది ట్రైగ్లిజరైడ్లదే. మీ నివేదికలో ఏది పెద్దదో ముందు గుర్తించండి. ఎల్‌డీఎల్ ఒక్కటే ఎక్కువైతే మూడో అడుగు మీకు ముఖ్యం. ట్రైగ్లిజరైడ్లు ఒక్కటే ఎక్కువైతే రెండో అడుగు.

వంటింటి జోలికి వెళ్ళే ముందు ఇంకో పని ఉంది. థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించండి. థైరాయిడ్ మందగించినా, మధుమేహం అదుపులో లేకున్నా ఈ అంకెలు పెరుగుతాయి. ఆ రోగానికి చికిత్స జరగకుండా ఆహారం ఎంత మార్చినా ఫలితం సగమే. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినా, ఎల్‌డీఎల్ 190 దాటినా ఇంటి ప్రయోగాలు వద్దు, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ట్రైగ్లిజరైడ్లు అంతగా పెరిగితే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది. అప్పుడు నూనెలు సహా అన్ని కొవ్వులనూ బాగా తగ్గించాల్సి వస్తుంది కాబట్టి ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి వారికి సరిపోదు.

రెండో అడుగు: అన్నం విడతలు అలాగే ఉంచి, విడతకు పెట్టుకునే అన్నం తగ్గించండి

మన భోజనం తీరే అన్నాన్ని పెంచుతుంది. పప్పుతో ఒక విడత, కూరతో ఒక విడత, చారుతో ఇంకో విడత, చివర పెరుగుతో మరొకటి. ప్రతి విడతకూ కొత్తగా అన్నం పడుతుంది. చపాతీలు తినేవారు ఎన్ని తిన్నారో లెక్క చెప్పగలరు. అన్నం ఎంత తిన్నామో మనలో ఎవరికీ తెలియదు.

అందుకని మూడు రోజుల పాటు బావగారి అన్నాన్ని వంటింటి త్రాసు మీద తూచమని అక్కకు చెప్పాను. మధ్యాహ్నం 430 గ్రాములు, రాత్రి 380 గ్రాములు వచ్చింది. బియ్యం వండితే ఇంచుమించు మూడింతల బరువవుతుంది కాబట్టి అది రోజుకు 270 గ్రాముల బియ్యం. పొద్దున ఇడ్లీ లేదా దోసె, సాయంత్రం బిస్కెట్లు, మూడు కాఫీల్లో ఆరు చెంచాల చక్కెర దీనికి అదనం. అయిదు కిలోమీటర్ల నడకకు ఖర్చయ్యే శక్తి ఆయన బరువుకు సుమారు 300 కేలరీలు. అది దాదాపు 230 గ్రాముల అన్నంతో తిరిగి వచ్చేస్తుంది. ఆరు నెలలు నడిచినా బరువు 84 కిలోల దగ్గరే ఎందుకు ఆగిందో దీన్నిబట్టి అర్థమైంది.

అన్నం పూర్తిగా మానమని నేను చెప్పలేదు. అలా చెబితే పదిహేను రోజులు పాటించి పదహారో రోజు వదిలేస్తారు. పూటకు 200 గ్రాముల అన్నం అని పెట్టుకున్నాం. దాన్ని ముందే ఒక గిన్నెలో తూచి పక్కన పెట్టాలి. పప్పుకూ చారుకూ పెరుగుకూ ఆ గిన్నెలో నుంచే పంచుకోవాలి. తినే వరుస కూడా కాస్త మార్చాం. ముందు ఒక కప్పు కూర, అర కప్పు గట్టి పప్పు అన్నం లేకుండా తినేసి, తర్వాత అన్నం కలుపుకోవాలి. మొదటి వారం ఆయనకు పప్పు ఉత్తగా తినడం ఎబ్బెట్టుగా అనిపించింది. రెండో వారానికి అలవాటైంది. చారును గ్లాసులో పోసుకుని తాగడం మొదలుపెట్టాక ఒక విడత అన్నం దానంతటదే పోయింది.

తగ్గించిన అన్నం స్థానంలో ఏం తింటారన్నదే అసలు విషయం. ఆ ఖాళీని నెయ్యితో, వెన్నతో, కొబ్బరితో నింపితే ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ మాత్రం పెరుగుతుంది. కొబ్బరినూనె, నెయ్యి దండిగా తింటూ బరువు తగ్గే ఆహార పద్ధతులు పాటించినవారిలో ఎల్‌డీఎల్ బాగా ఎగబాకడం నేను చూశాను. ఆ ఖాళీ పప్పుతో, చేపతో, గుడ్డుతో, ఉడికించిన శనగలతో, కూరగాయలతో నిండాలి. గుడ్డు సంగతి చాలామంది అడుగుతారు. ఎక్కువమందికి రోజుకో గుడ్డు సొనతో సహా పర్వాలేదు. ఎల్‌డీఎల్ మీద గుడ్డు సొన చూపే ప్రభావం కంటే ఆ గుడ్డును నెయ్యిలో వేపడం చూపే ప్రభావం ఎక్కువ.

జొన్నరొట్టె, రాగిసంకటి, దంపుడు బియ్యం మంచివే. వాటిలో పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండుతుంది. అయితే వాటిలోనూ బియ్యంలో ఉన్నట్టే పిండిపదార్థం ఉంటుంది. మంచిదన్నారని నాలుగు రొట్టెలు తింటే కాలేయానికి తేడా తెలియదు.

వ్యాయామం చేసేవారు పడే గోతి ఒకటుంది. పొద్దున నిమ్మరసంలో రెండు చెంచాల తేనె, నడక తర్వాత పండ్లరసం, జిమ్ తర్వాత ఖర్జూరం వేసిన అరటిపండు షేక్, సాయంత్రం బెల్లంతో చేసిన నువ్వులుండ. ఇవన్నీ ఆరోగ్యం పేరుతో ఇంట్లోకి వచ్చినవే. తేనె, బెల్లం, పండ్లరసం కూడా కాలేయం దృష్టిలో చక్కెరలే. వీటిలోని ఫ్రక్టోజ్ నేరుగా కాలేయానికి చేరి అక్కడే కొవ్వుగా మారడానికి అనువుగా ఉంటుంది. పండును పండుగా తినండి, రసం తీయకండి. నడకకు ముందు ఆకలేస్తే ఒక చిన్న అరటిపండు చాలు. బావగారు తేనె నీళ్ళు మానేశారు, కాఫీల్లో చక్కెరను మొత్తం మీద రెండు చెంచాలకు దింపారు.

మద్యం విషయం మొహమాటం లేకుండా అడిగాను. శని, ఆదివారాల్లో రెండేసి పెగ్గులు అన్నారు. కాలేయం మద్యాన్ని వదిలించుకునే పనిలో పడితే కొవ్వును ఖర్చు చేయడం పక్కన పెడుతుంది. పక్కన తినే వేపుడు ముక్కలు దానికి తోడు. ట్రైగ్లిజరైడ్లు 200 దాటినవారు కనీసం మూడు నెలలు పూర్తిగా మానేసి పరీక్ష చేయించుకుంటే తమ శరీరం మీద దాని వాటా ఎంతో తెలుస్తుంది. ఆయన ఒప్పుకున్నారు.

మూడో అడుగు: సంతృప్త కొవ్వు ఎక్కడి నుంచి వస్తోందో కాగితం మీద రాయండి

రోజుకు 1,800 కేలరీలు తినే మనిషి ఎల్‌డీఎల్ తగ్గించుకోవాలంటే సంతృప్త కొవ్వు సుమారు 14 గ్రాములకు మించకూడదు. బావగారు రోజూ తినేదాన్ని అక్కా నేనూ కూర్చుని రాశాం.

వంటనూనె నుంచి వచ్చేది సుమారు 4 గ్రాములు. రెండు చెంచాల నెయ్యి నుంచి 5 గ్రాముల పైచిలుకు. పొద్దుటి కొబ్బరి చట్నీలో ఆయన వంతుకు 30 గ్రాముల పచ్చికొబ్బరి, అందులో 9 గ్రాములు. కాఫీకి, పెరుగుకి కలిపి అర లీటరు చిక్కటి పాలు, వాటి నుంచి 18 గ్రాములు. మొత్తం 36 గ్రాములు దాటింది. ఆరు నెలలుగా ఇల్లంతా ఏ నూనె మంచిదని చర్చించిన ఆ నూనె వాటా ఇందులో నాలుగు గ్రాములే.

పాల లెక్క చూసి అక్క నమ్మలేదు. గేదె పాలలోనూ, చిక్కటి పాల ప్యాకెట్లలోనూ ఆరు శాతం లేదా అంతకు పైగా కొవ్వు ఉంటుంది. అర లీటరులో 30 గ్రాముల కొవ్వు, అందులో మూడింట రెండు వంతుల దాకా సంతృప్తమే. టోన్డ్ పాలలో మూడు శాతం, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర శాతం. డబుల్ టోన్డ్‌కు మారితే 18 గ్రాములు నాలుగున్నరకు దిగుతుంది. ఒక్క మార్పుతో ఇంత తేడా ఇచ్చేది మన వంటింట్లో ఇంకొకటి లేదు. పెరుగు పలచబడుతుందన్న ఫిర్యాదు వచ్చింది. పాలను బాగా మరగనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసి, మట్టిపాత్రలో కదపకుండా ఉంచితే గట్టిగానే తోడుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారి పాలు మార్చకండి, ఈ లెక్క పెద్దవారిది.

కొబ్బరి చట్నీని వారానికి రెండు రోజులకు పరిమితం చేశాం. మిగతా రోజుల్లో వేయించిన వేరుశనగలు, పుట్నాలు, టమాటా, ఉల్లి, కొత్తిమీర పచ్చళ్ళు. వేరుశనగ చట్నీలోనూ కొవ్వు ఉంటుంది కానీ అది ఎక్కువగా అసంతృప్త కొవ్వు. నెయ్యిని పూర్తిగా మాన్పించలేదు. పప్పన్నంలో మొదటి ముద్దకు అర చెంచా. దానివల్ల వచ్చేది గ్రామున్నర, అంతే.

ఇక పఫ్‌లు, క్రీము బిస్కెట్లు, మిక్స్చర్, బయట దొరికే బజ్జీలు. వీటిలో ఎక్కువ పామాయిల్‌తోనో, వనస్పతితోనో తయారవుతాయి. ప్యాకెట్ వెనుక పామోలిన్, వెజిటబుల్ ఫ్యాట్ అన్న మాటలు వెతకండి. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని రెండు శాతానికి మించనివ్వకూడదని 2022 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ప్యాకెట్ లేకుండా అమ్మే సరుకులో ఎంత ఉందో కొనేవారికి తెలిసే మార్గం లేదు. బావగారి సాయంత్రపు బిస్కెట్ల స్థానంలో గుప్పెడు వేయించిన శనగలు పెట్టాం.

నాలుగో అడుగు: నూనె ఎంచుకోవడం

ముందుగా ఒక అపోహ పోవాలి. 'కొలెస్ట్రాల్ లేదు' అని నూనె ప్యాకెట్ మీద రాస్తే అది గొప్ప కాదు. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్‌లోనూ ఉండదు. చూడాల్సింది అందులోని సంతృప్త కొవ్వు ఎంత అన్నదే. కొబ్బరినూనెలో అది 90 శాతానికి దగ్గర. నెయ్యిలో 60 శాతం పైన. పామోలిన్‌లో 40 శాతానికి అటూ ఇటూ. తవుడు నూనెలో 20 శాతం పైన, వేరుశనగలో 20కి కాస్త తక్కువ, నువ్వుల నూనెలో 15కి దగ్గర, పొద్దుతిరుగుడులో 11 చిల్లర. ఆవనూనెలో ఇంకా తక్కువ, పైగా కొంత ఒమేగా 3 ఉంటుంది. కానీ ఆ ఘాటు మన కూరల్లో అందరికీ పడదు.

అంకెలు చూస్తే పొద్దుతిరుగుడే మేలనిపిస్తుంది. ఎల్‌డీఎల్ తగ్గించడానికి అది నిజంగానే పనికొస్తుంది. ఇబ్బంది వేపుళ్ళతో వస్తుంది. అందులో బహుళ అసంతృప్త కొవ్వు చాలా ఎక్కువ కాబట్టి ఎక్కువసేపు కాగితే, మళ్ళీ మళ్ళీ కాగితే వేరుశనగ నూనె కంటే త్వరగా పాడవుతుంది. మన వంటలో తాలింపు, వేపుడు రోజువారీ పనులు. అందుకే నేను సూచించే పద్ధతి సులువైనది. వేపుళ్ళకు, కూరలకు వేరుశనగ లేదా తవుడు నూనె. పచ్చళ్ళకు, పులిహోరకు, పొడుల్లో కలుపుకోవడానికి నువ్వుల నూనె. ఒక నెల వేరుశనగ, మరో నెల తవుడు నూనె తెచ్చుకుంటే సరిపోతుంది. తవుడు నూనెలో ఉండే ఒరైజనాల్ అనే పదార్థానికి ఎల్‌డీఎల్‌ను కొద్దిగా తగ్గించే గుణం ఉంది. ఆలివ్ నూనె మంచిదే, కానీ వేరుశనగ నూనె ఉన్న ఇంట్లో అంత ఖర్చు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

గానుగ నూనె గురించి రోజూ అడుగుతారు. గానుగలో తీసినా, మిల్లులో తీసినా వేరుశనగ నూనెలోని కొవ్వుల పాళ్ళు దాదాపు ఒకటే. గానుగ నూనెలో సువాసన, కొన్ని సహజ రక్షక పదార్థాలు మిగులుతాయి. కేలరీలు మాత్రం చెంచాకు అవే 40. గానుగదని చెయ్యి జారిస్తే నష్టమే. దాని మడ్డి అడుగున చేరి త్వరగా మాడుతుంది కాబట్టి మంట తగ్గించి వాడండి.

అయిదో అడుగు: వారానికి ఒక సీసా

బావగారి ఇంట్లో నలుగురు. నెలకు అయిదు లీటర్ల డబ్బా ఖాళీ అవుతోంది. అంటే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల ఆహారానికి నూనెలు, కొవ్వులు అన్నీ కలిపి 27 గ్రాములే చూపించింది. నెయ్యి కూడా అందులోదే. మేము మనిషికి రోజుకు అయిదు చెంచాలు, అంటే 25 మిల్లీలీటర్ల నూనె అని పెట్టుకున్నాం. నలుగురికి వారానికి 700 మిల్లీలీటర్లు. నెలకు మూడు లీటర్లు.

రోజూ చెంచాలతో కొలవమంటే ఎవరూ కొలవరు. అందుకే ఆదివారం రాత్రి ఒక గాజు సీసాలో 700 మిల్లీలీటర్లు పోసి పొయ్యి పక్కన పెట్టాలి. వారమంతా ఆ సీసా నుంచే వాడాలి. డబ్బా అటక మీదకు ఎక్కాలి. మొదటి వారం గురువారం మధ్యాహ్నానికే సీసా ఖాళీ అయింది. ఎక్కడ పోతోందో అక్కకు అప్పుడు తెలిసింది: దోసెలు, బెండకాయ వేపుడు, శనివారం పూరీలు.

తక్కువ నూనెతో రుచి నిలబెట్టడానికి రెండు పనులు చేశాం. వేపుడు కూరగాయలను ముందు ఆవిరి మీద సగం ఉడికించి, తడి ఆరాక బాగా కాగిన ఇనుప మూకుడులో వేయడం ఒకటి. ముక్క వేడి మూకుడుకు తగిలి ఎర్రబడుతుంది, నూనె పీల్చే సమయం తగ్గుతుంది. అరకిలో దొండకాయకు ఇదివరకు గరిటెల లెక్కన పోసేవారు, ఇప్పుడు ఆరు చెంచాలతో సరిపోతోంది. రెండోది మసాలా కూరల సంగతి. 'నూనె పైకి తేలేదాకా వేయించాలి' అని మనందరికీ నేర్పారు. అది ఉల్లి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయిందనడానికి గుర్తు మాత్రమే. నూనె తక్కువైతే తేలదు. అడుగంటబోతుంటే రెండు చెంచాల నీళ్ళు చల్లుతూ వేయించండి. ముద్ద మూకుడు అంచుల నుంచి విడిపడి, పచ్చివాసన పోతే అయినట్టే.

ఊరగాయ నూనెను కూడా లెక్కలో వేయండి. ఆవకాయ పైన తేలిన నూనె అన్నంలో కలుపుకుంటే ఒక చెంచా ఖర్చు రాసుకోవాల్సిందే.

పూరీలు నెలకోసారికి తగ్గాయి. మూకుడులో మిగిలిన నూనెను మళ్ళీ వేపుళ్ళకు కాచకుండా ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపులకు వాడేయాలి. తాజా నూనెలో కలపకూడదు. నూనె నల్లబడినా, జిగటగా మారినా, నురగ వచ్చినా, మామూలు కంటే త్వరగా పొగ వచ్చినా పారేయండి.

ఆరో అడుగు: చేర్చాల్సినవి

తగ్గించడంతోనే పని అయిపోదు. నీటిలో కరిగే పీచు పేగులో జిగురుగా మారి పైత్యరసాన్ని పట్టుకుని బయటకు తీసుకుపోతుంది. కొత్త పైత్యరసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అలా ఎల్‌డీఎల్ కొద్దిగా దిగుతుంది. పప్పులు, శనగలు, బెండకాయ, గోరుచిక్కుడు, జామకాయ, ఓట్స్, ఇసబ్గోలు ఇందుకు పనికొస్తాయి. మెంతులను ఇదే పనికి జాతీయ పోషకాహార సంస్థలో పరీక్షించారు. ఆ పరీక్షల్లో వాడినవి గ్రాముల్లో, తాలింపులో వేసే పది గింజలు కావు. రాత్రి రెండు చెంచాల మెంతులు నానబెట్టి పొద్దున పెరుగులో కలుపుకోవచ్చు. మధుమేహం మాత్రలు వేసుకునేవారు డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాలి, చక్కెర మరీ పడిపోవచ్చు.

ట్రైగ్లిజరైడ్లకు చేపలు మంచివి, కానీ ఏ చేప అన్నది ముఖ్యం. కవళ్ళు, కానాగంతలు వంటి సముద్రపు చేపల్లో ఒమేగా 3 కొవ్వు ఎక్కువ. మన చెరువుల శీలావతి, బొచ్చెలలో తక్కువ. వారానికి రెండుసార్లు పులుసుగానో, పెనం మీద కాస్త నూనెతోనో వండండి. మునిగేలా వేపితే ప్రయోజనం పోతుంది. చేపలు తిననివారు రోజుకో చెంచా అవిసె గింజలను వేయించి పొడి చేసుకుని అన్నంలో కలుపుకోవచ్చు. అందులోని ఒమేగా 3 వేరే రకం, శరీరం దాన్ని కొద్దిగానే చేప కొవ్వు రూపంలోకి మార్చుకుంటుంది. అందుకే చేపకు అది పూర్తి బదులు కాదు.

ఏడో అడుగు: వ్యాయామాన్ని భోజనంతో జతచేయండి

ఒక రోజు గట్టిగా నడిస్తే కండరాలు రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను వాడుకునే వేగం పెరుగుతుంది. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే ఆదివారం రెండు గంటలు నడిచి మిగతా వారం కూర్చోవడం కంటే రోజు విడిచి రోజైనా అరగంట నడవడం మేలు. వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ ఉండకూడదు. బావగారు పొద్దుటి నడకను నాలుగు కిలోమీటర్లకు తగ్గించి, రాత్రి భోజనం తర్వాత పావుగంట నడక చేర్చారు. జిమ్‌లో బరువులెత్తడం వారానికి మూడు రోజులు అలాగే ఉంచాం. ఆహారం తగ్గించేటప్పుడు కండ కరిగిపోకుండా అది కాపాడుతుంది.

ఎనిమిదో అడుగు: మళ్ళీ పరీక్ష

ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించండి. అంతకన్నా ముందు వద్దు. అదే ల్యాబు, రాత్రి పది పన్నెండు గంటల ఖాళీ కడుపు. ముందు మూడు రోజులు మామూలుగా తినండి, పరీక్ష కోసం ఉపవాసాలు చేయకండి. పెళ్ళిభోజనం మర్నాడో, జ్వరంలోనో, విపరీతంగా వ్యాయామం చేసిన మర్నాడో ఇచ్చిన రక్తం అసలు స్థితిని చెప్పదు. ఏ మార్పూ లేకుండానే ట్రైగ్లిజరైడ్లు ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ ఇరవై శాతం దాకా అటూ ఇటూ ఊగుతాయి. 285 నుంచి 260కి వస్తే తగ్గినట్టు కాదు, 310కి వెళ్తే పెరిగినట్టూ కాదు.

అంకెల కదలికను బట్టి పొరపాటు ఎక్కడుందో పట్టుకోవచ్చు. ట్రైగ్లిజరైడ్లు తగ్గి ఎల్‌డీఎల్ పెరిగిందంటే అన్నం స్థానంలో నెయ్యి, మీగడ, వేట మాంసం చేరి ఉంటాయి. ఎల్‌డీఎల్ తగ్గి ట్రైగ్లిజరైడ్లు కదలకపోతే పిండిపదార్థమో, తీపో, మద్యమో మిగిలి ఉంది. అంతా సరిగ్గా పాటించినా ఏదీ కదలకపోతే వంశపారంపర్యమో, థైరాయిడో, వేరే మందుల ప్రభావమో చూడమని డాక్టరును అడగాలి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటి ఉన్నప్పుడు లెక్కగట్టి ఇచ్చిన ఎల్‌డీఎల్ అంకె నమ్మదగినది కాదు, నేరుగా కొలవమని ల్యాబును కోరండి.

పన్నెండు వారాల తర్వాత బావగారి బరువు 84 నుంచి 79 కిలోల 500 గ్రాములకు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 168, హెచ్‌డీఎల్ 39, ఎల్‌డీఎల్ 116, మొత్తం 189. సంతృప్త కొవ్వు రోజుకు 13 గ్రాముల దగ్గర నిలిచింది. ట్రైగ్లిజరైడ్లు అంతగా దిగడంలో అన్నం, మద్యం, బరువు మూడింటి వాటా ఉంది, దేనిది ఎంతో విడదీసి చెప్పలేం. ఎల్‌డీఎల్ పద్నాలుగు శాతం తగ్గింది. ఆహారంతో చాలామందికి తగ్గేది ఆ మాత్రమే. ఆయన తండ్రికి యాభై రెండేళ్ళకే గుండెపోటు వచ్చింది కాబట్టి 116 చాలదని డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర చిన్న మోతాదులో రాశారు. "ఇంత చేసినా మాత్రేనా?" అని బావగారు నాకు ఫోను చేశారు. వేసుకోమనే చెప్పాను. వంటింటి మార్పులు అలాగే ఉంటే మాత్ర చిన్న మోతాదులోనే సరిపోయే అవకాశం ఎక్కువ. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, గాజు సీసా పొయ్యి పక్కనే ఉంది. ఆ రోజు శనివారం, అందులో ఇంకా నాలుగు వేళ్ళ నూనె మిగిలి ఉంది.